చెల్లెలి పోస్టులు ఎందుకు కనబడలేదు

పనిచేసే చోట ఆమెను అందరూ మెరుపు పిన్ని అంటారు. ఆ పేరు పెట్టింది పక్క సీటులో కూర్చునే కళ్ళజోడు అమ్మాయి. మిగతావాళ్ళు ఒక ఫీడ్ చూసి తీర్పు చెప్పడానికి పది నిమిషాలు తీసుకుంటే, పిన్ని నాలుగు నిమిషాల్లో తేల్చేసేది. యాభై రెండేళ్ళ మనిషి, నెరిసిన జుట్టు, మెడనొప్పి, చేతికి నీలం గడియారం. చూస్తే ఎవరూ మెరుపు అనుకోరు. కానీ ఆ బొటనవేలు పైకి తోయడం మొదలుపెట్టిందంటే కంటికి ఆనదు. అలాంటి వేలు ఆ హాలు మొత్తంలో ఇంకోటి లేదు, చెప్పొద్దూ.

ఆ హాలు మూడో అంతస్తులో ఉంటుంది. నలభై బల్లలు, నలభై కుర్చీలు, అందులో తొమ్మిది కుర్చీలకు చక్రాలు తిరగవు. జనం ఫోన్లలో చూసే ఫీడ్‌ను నడిపే కంపెనీ ఒకటుంది. ఆ కంపెనీ తరఫున కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు వీళ్ళు. తెర మీద రెండు వరుసలు పక్కపక్కనే వస్తాయి. రెండూ ఒకే మనిషి ఫీడ్, అవే పోస్టులు, క్రమం మాత్రం వేరు. సరేనని అనుమతి ఇచ్చినవాళ్ళ ఫీడ్‌లే వస్తాయి, అవి కూడా పేర్లు చెరిపేసి. ఏది పాత లెక్కో ఏది కొత్త లెక్కో వీళ్ళకు చెప్పరు. ఆ మనిషికి ఏ వరుస మేలో చెప్పాలి, ఎందుకో రెండు ముక్కలు రాయాలి. అంతే పని. అంతే అంటే మాటవరసకు అన్నాను. రోజుకు అరవై మంది జీవితాల్లో ఏది ముందు, ఏది వెనక అని చెప్పడం తేలికేం కాదు.

పిన్నికి ఇద్దరే మనుషులు ఉండేవారు ఈ లోకంలో. ఒకరు అమ్మ, పోయి ముప్పై ఏళ్ళు దాటింది. రెండోది చెల్లెలు. అమ్మ పోయేనాటికి పిన్నికి ఇరవై ఒకటి, చెల్లెలికి తొమ్మిది. అప్పటినుంచి జడలు వేసింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది, లెక్కలు రాకపోతే మొట్టికాయ వేసింది, చదివించింది, ఉద్యోగంలో కూర్చోబెట్టింది. తనకు వచ్చిన సంబంధాలు ఒక్కొక్కటే వెనక్కి పంపింది. ఎవరైనా అడిగితే "ఈ పిల్ల ఒక గట్టుకు చేరనీ" అనేది. పిల్ల గట్టుకు చేరింది. ఈవిడ మాత్రం నీళ్ళలోనే ఉండిపోయింది.

ఆ చెల్లెలు నలభయ్యో ఏట, రక్తపరీక్షల ల్యాబులో పదహారేళ్ళ ఉద్యోగం మానేసి, వేరే ఊరు వెళ్ళి మొక్కల నర్సరీ పెట్టుకుంటానంది. పిన్నికి ఒళ్ళు మండిపోయింది. మాటా మాటా పెరిగింది.

"నిన్ను పెంచడంలో నా బతుకు బతుకంతా అయిపోయింది. ఇదా నువ్వు చేసే నిర్వాకం?" అంది.

చెల్లెలు నెమ్మదిగా, "నేను అడిగానా అక్కా?" అంది.

అడగలేదు. నిజమే. తొమ్మిదేళ్ళ పిల్ల ఏం అడుగుతుంది? కానీ ఆ నిజం పిన్నికి చెంపదెబ్బలా తగిలింది. "ఇక నాకు ఫోన్ చెయ్యకు. నేను పిలిచినప్పుడే రా," అనేసి తలుపు వేసుకుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు. చెల్లెలు మొండిది, అక్క పెంపకం కదా మరి. చెయ్యవద్దంటే చెయ్యలేదు. పిలవలేదు కాబట్టి రాలేదు. అలా పద్నాలుగు నెలలు గడిచాయి.

ఈ పద్నాలుగు నెలలూ పిన్ని ఒక్కదానికోసమే ఎదురుచూసింది. చెల్లెలు ఒక్కసారి "అక్కా" అంటే చాలు, ఆ నిమిషమే పరిగెత్తుకు వెళ్ళిపోతుంది. ముందు తను మాత్రం అనదు. అది ఆవిడ పంతం. ఫోన్ చెయ్యవద్దన్నాం కాబట్టి ఫోన్ రాదు, కానీ ఏదైనా చెప్పాలనుకుంటే ఫీడ్‌లో పెడుతుంది, పెడితే నాకు కనబడకుండా పోదు అని ఆవిడ ధీమా. రోజూ ఫీడ్‌లు చూసి బతికే మనిషికి తన ఫీడ్‌లో ఏముందో తెలియదా?

పిన్ని తన సొంత ఫోను వాడే పద్ధతి కూడా చెప్పాలి. హాలులో ఒక నియమం ఉంది. పరీక్ష కోసం ఇచ్చిన ఖాతాల్లో దేన్నీ ముట్టుకోకూడదు. లైకు కొట్టకూడదు, వ్యాఖ్య రాయకూడదు, "మరింత చదవండి" తెరవకూడదు, ఫొటో పెద్దది చెయ్యకూడదు. ఒక్కటి చేసినా లెక్క మారిపోతుంది, ఆ ఖాతా పనికిరాకుండా పోతుంది. పిన్ని దాన్ని "ఎంగిలి చెయ్యడం" అనేది. ఆరేళ్ళుగా ఆ నియమం పాటించి పాటించి, ఇంటికి వెళ్ళాక తన ఫోనును కూడా ఎంగిలి చెయ్యడం మానేసింది. నోటిఫికేషన్లన్నీ ఆపేసింది. ఏ పోస్టుకూ లైకు లేదు, ఎవరికీ వ్యాఖ్య లేదు. చూడడమే. అది కూడా హాలులో అలవాటైన వేగంతోనే, పోస్టుకు ఒకటి రెండు సెకన్లు.

"ఏంటి పిన్నీ, నా పెళ్ళిరోజు ఫొటోకి లైకు కొట్టలేదు?" అని కళ్ళజోడు అమ్మాయి ఓసారి నిష్ఠూరమాడింది.

"చూశానే తల్లీ. చీర బావుంది. మీ ఆయన కడుపు లోపలికి పీల్చుకుని నిలబడ్డాడు, అదీ చూశాను."

"మరి కొట్టొచ్చుగా?"

"చూశాక మళ్ళీ కొట్టేదేంటి?" అంది పిన్ని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక కేసు వచ్చింది. నెలకోసారి ఫీడ్ వాడేవాళ్ళలో కొందరిని కంపెనీ ఒక ప్రశ్న అడుగుతుంది, మీకు కావలసినవి కనబడుతున్నాయా అని. ఒకాయన జవాబు రాశాడు. "మా అన్న పోస్టులు నాకు రావడం లేదు. అవి నాకు కావాలి." ఆయన ఫీడ్ తెర మీదికి వచ్చింది. ఎడమ వరుసలో అన్న పోస్టు ఎక్కడో అరవయ్యో చోట ఉంది. కుడి వరుసలో రెండో చోట ఉంది. పక్కనే ఆయన ఏడాదిలో చేసిన పనుల చిట్టా ఉంది. అన్న పోస్టులు నలభై ఆరు సార్లు ఆయన కళ్ళముందుకు వచ్చాయి. ఒక్కదానికీ లైకు లేదు, వ్యాఖ్య లేదు, ఎవరికీ పంపలేదు, అన్న పేజీకి ఒక్కసారీ వెళ్ళలేదు. సగటున ఒక్కో పోస్టు మీద ఆగింది ఒకటిన్నర సెకను. పడవలకు రంగులు వేసే వీడియోలు మాత్రం చివరిదాకా చూశాడు, కొన్ని రెండేసి సార్లు.

పిన్నికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. "ఎడమదే సరైన క్రమం. ఈ మనిషికి అన్న పోస్టుల మీద ఆసక్తి లేదు," అని రాసి పంపేసింది.

గంట తర్వాత బట్టతల ఇంజినీరు ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు. కంపెనీ మనిషి, వారానికి రెండు రోజులు ఈ హాలుకు వస్తాడు. నెమ్మదిగా మాట్లాడతాడు. ఎవరి మీదా గొంతు లేవదు. చక్రాలు తిరగని కుర్చీ ఒకటి ఈడ్చుకుని కూర్చున్నాడు.

"అమ్మా, ఈ అన్నదమ్ముల కేసు మీరు ఎడమదన్నారు. మిగతా నలుగురూ కుడిదన్నారు."

"నలుగురు చెబితే అయిపోతుందా సార్? చిట్టా చూశారుగా. నలభై ఆరు సార్లు చూపించారు, నలభై ఆరు సార్లు తోసేశాడు."

"కావాలని నోరు తెరిచి అడిగాడు కదమ్మా."

"నోటికేముంది సార్, నోరు వంద చెబుతుంది. వేలు అబద్ధమాడదు."

ఇంజినీరు నవ్వాడు. ఎగతాళిగా కాదు, తను కూడా ఒకప్పుడు ఆ మాటే అన్నవాడిలా నవ్వాడు. "మన లెక్క చేసేది కూడా అదే అనుకోండి. ఫీడ్ తెరవగానే, స్నేహితులవి, అనుసరించేవాళ్ళవి, తెలియనివాళ్ళవి కూడా కలిపి కొన్ని వందల పోస్టులు పోగేస్తాం. ఒక్కోదానికీ అంచనా వేస్తాం. దీనికి ఈ మనిషి లైకు కొట్టే అవకాశం ఎంత, వ్యాఖ్య రాసే అవకాశం ఎంత, ఇంకొకరికి పంపే అవకాశం, ఆగి చదివే అవకాశం, 'ఇలాంటివి వద్దు' అని దాచేసే అవకాశం. ఒక్కోదానికీ ఒక్కో బరువు. లైకు కంటే వ్యాఖ్యకు బరువెక్కువ. దాచేస్తే బరువు కిందికి లాగుతుంది. అన్నీ కలిపితే ఒక మార్కు. ఎక్కువ మార్కు వచ్చింది పైన, తక్కువది కింద."

"అవన్నీ నాకు తెలియనివా సార్?"

"తెలుసు. కానీ ఆ అంచనా దేన్ని చూసి వేస్తుంది? నిన్నటిదాకా చేసిన పనులు చూసి. లైకు కొట్టని మనిషికి మిగిలేది ఆగిన సమయమే. ఒకటిన్నర సెకను చూసి తోసేశాడంటే, విసుగొచ్చి తోసేశాడా, చూడలేక తోసేశాడా? విసుక్కీ బాధకీ విడివిడిగా కాలమ్‌లు లేవమ్మా మన దగ్గర. రెండూ ఒకే అంకె." ఆయన లేచాడు. "తీర్పు మార్చమని అడగడం లేదు. ఊరికే చెబుతున్నాను."

"నేను మార్చను సార్," అంది పిన్ని. మార్చలేదు కూడా.

పొద్దు ఇంకా ఉండగానే ఇల్లు చేరింది. రెండో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు, వీధి వైపు చిన్న బాల్కనీ. బాల్కనీ తీగ మీద పొద్దున ఆరేసిన పసుపు తువ్వాలు ఉంది. అన్నం పెట్టుకుని ఫోను నీళ్ళ చెంబుకు ఆనించింది. ఒంటరిగా తినేవాళ్ళకు ఎదురుగా ఏదో ఒకటి కదలాలి. గోడను చూస్తూ ఎంతకని తింటారు?

ఫీడ్ తెరిచింది. మొదటిది మాడిన గిన్నె తోమే వీడియో. రెండోది మాడిన పెనం. మూడోది అడుగంటిన కుక్కరు. పిన్నికి నవ్వొచ్చింది. నాలుగు నెలల కిందట ఓరోజు ఇలాగే ఫోను ఆనించి తింటుంటే గిన్నె తోమే వీడియో వచ్చింది. అంతలో తలుపు కొట్టారు. కరెంటు మీటరు చూసే మనిషి. అతనితో మాట్లాడి వచ్చేసరికి ఆ వీడియో మళ్ళీ మళ్ళీ తిరుగుతూనే ఉంది. అంతే, ఫీడ్‌కు అర్థమైపోయింది, ఈవిడకు మాడిన గిన్నెలంటే ప్రాణమని. అప్పటినుంచి ఎక్కడెక్కడివాళ్ళో తమ ఇళ్ళలో మాడినవన్నీ తెచ్చి ఈవిడ ముందు తోముతున్నారు.

"పిచ్చిమొద్దు. నేను చూస్తే కదా," అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

పెట్టుకుని, నమలడం ఆపేసింది.

తను చూడనేలేదు. వీధి తలుపు దగ్గర మీటరు గొడవలో ఉంది. అయినా ఆ ఐదు నిమిషాలూ చూసినట్టే లెక్కలో పడింది. చూడనిది చూసినట్టు పడితే, కావలసినది అక్కర్లేనట్టు కూడా పడుతుంది కదా?

చెల్లెలు కొత్త ఊరు వెళ్ళిన మొదటి నెలలో మూడు పోస్టులు కనబడ్డాయి. పిన్నికి గుర్తుంది. ఎలా మరిచిపోతుంది? ఒకటి నారుమళ్ళ ఫొటో. ఒకటి నీలం బోర్డు. ఒకటి కుండీల వరుస, కింద "ఎలా ఉంది?" అని ఒక్క మాట. నా మాట కాదని పెట్టిన కొట్టు, నాకే చూపించి వెక్కిరిస్తోంది అనుకుంది. గుండెల్లో మంటపుట్టి, ఒక్క క్షణం కూడా ఆగకుండా పైకి తోసేసింది. మూడింటినీ. ఆ తర్వాత చెల్లెలి పోస్టులు కనబడలేదు. పోస్టులు మానేసిందిలే, దానికీ పౌరుషం ఎక్కువే అనుకుని ఊరుకుంది. పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా చెల్లెలి పేజీ తెరిచి చూడలేదు. తెరిస్తే తనే ముందు వెళ్ళినట్టు అవుతుందని. ఎవరికి తెలుస్తుందట? ఎవరికీ తెలియదు. తనకు తెలుస్తుంది కదా, అదీ ఆవిడ పంతం.

నలభై ఆరు సార్లు తోసేశాడు, ఆసక్తి లేదు. మధ్యాహ్నం తన చేత్తో రాసిన వాక్యం.

ఎంగిలి చెయ్యి అలాగే ఉంది. ఎడమచేత్తో చెల్లెలి పేరు టైపు చేసింది. రెండుసార్లు తప్పు అక్షరం పడింది.

పేజీలో ముప్పై ఒక్క పోస్టులున్నాయి.

ఒక్కోదాని పక్కనా తేదీ దగ్గర చిన్న బొమ్మ ఉంది. ఎవరు చూడవచ్చో చెప్పే గుర్తు అది. అందరికీ అయితే ఒక బొమ్మ, స్నేహితులకయితే ఒక బొమ్మ. ఇవి ఆ రెండూ కావు. ఎంచుకున్న మనుషులకు మాత్రమే చూపించే బొమ్మ. ముప్పై ఒకటింటికీ అదే. నొక్కి చూస్తే ఎంచుకున్నది ఒక్క పేరే, తన పేరు. ఒక్కదానికీ లైకు లేదు, వ్యాఖ్య లేదు. లోకంలో ఇంకెవరికీ చూపించలేదు కాబట్టి ఇంకెవరూ కొట్టలేరు. నలుగురూ ఆగి చూస్తే ఆ పోస్టు పైకి రావడానికి కాస్త ఊతం ఉంటుంది. వీటికి ఆ నలుగురు లేరు. ఉన్నది ఒక్క అక్క. ఆ అక్క తోసేసింది.

నాలుగోదాని నుంచీ అన్నీ "అక్కా" అనే మొదలయ్యాయి.

"అక్కా, మెసేజ్ పెట్టచ్చు. కానీ పెడితే నువ్వు చూసిన సంగతి నాకు తెలిసిపోతుంది. చూసి జవాబు ఇవ్వకపోతే నేను తట్టుకోలేను. అందుకే ఇక్కడ రాస్తున్నా. నీ ఇష్టం వచ్చినప్పుడు చూసుకో." ఇది నాలుగోది.

పిన్ని గబగబా కిందికి జారింది. అలవాటు ఎక్కడికి పోతుంది? మధ్యలో ఒక ఫొటో దగ్గర వేలు ఆగిపోయింది. ఏదో భవనం, వీధి అవతలినుంచి తీసింది. రెండో అంతస్తు కిటికీలో దీపం. బాల్కనీ తీగ మీద పసుపు తువ్వాలు.

"అక్కా, మొక్కల సంత ఉంటే మీ ఊరొచ్చా. పిలిస్తేనే రమ్మన్నావుగా. ఎదురుగా మందుల షాపు మెట్ల మీద కూర్చున్నా. ఆరున్నర దాకా ఉంటా. చూస్తే కిటికీలోంచి చెయ్యి ఊపు చాలు." కింద, అదే రోజు, గంట తర్వాత పెట్టింది ఇంకొకటి. "బస్సుకు టైమైంది. దీపం ఆర్పలేదు కాబట్టి ఇంట్లోనే ఉన్నావులే. వెళ్ళొస్తా."

అది కిందటేడు ఒక సాయంత్రం. ఆ సాయంత్రం పిన్ని ఏం చేస్తోందో ఏం గుర్తుంటుంది? అన్ని సాయంత్రాలూ ఒకలాంటివే. నీళ్ళ చెంబుకు ఫోను ఆనించుకుని ఎవరెవరివో చూస్తూ అన్నం తింటూ ఉండి ఉంటుంది. ముప్పై అడుగుల దూరంలో కూర్చుంది పిల్ల. తలెత్తి కిటికీ బయటికి చూస్తే సరిపోయేది. ఆ తల ఫోనులోంచి ఎత్తలేదు, ఆ ఫోను చెల్లెలిని చూపించలేదు.

చిట్టచివరిది మూడు నెలల కిందటిది. ఫొటో లేదు. "అక్కా, ఇదే ఆఖరిది. నువ్వు చూడలేదని నన్ను నేను నమ్మించుకుందామని చాలా ప్రయత్నం చేశా. కానీ ఏది ముందు కనబడాలో చెప్పే ఉద్యోగమే నీది. నీకు కనబడకుండా ఎలా పోతుంది? సరే. ఇక విసిగించను."

పిన్ని ఏడ్చింది. అన్నం ముందు ఏడవకూడదని చిన్నప్పుడు చెల్లెలిని కసిరేది. ఇప్పుడు కంచం ముందే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత చెయ్యి కడుక్కుని ఫోను చేసింది.

ఏడు రింగులకు ఎత్తింది.

"చెప్పు," అంది చెల్లెలు. వెనకాల నీళ్ళు కుండీల్లో పడుతున్న చప్పుడు.

"ఇవాళే చూశానే."

"ఏంటి?"

"నువ్వు రాసినవి. అన్నీ. ఇవాళే కనబడ్డాయి."

నీళ్ళ చప్పుడు ఆగింది. "అక్కా, ఇంకెవరైనా ఈ మాట చెబితే నమ్మేదాన్ని. చెప్పులు కుట్టే మనిషి చెప్పినా, డాక్టరు చెప్పినా నమ్మేదాన్ని. నీ పనే అది కదా. ఫలానా పోస్టు ఫలానా మనిషికి ఎందుకు కనబడలేదో రోజుకు అరవై చెబుతావు. నీది నువ్వు చూసుకోలేదా?"

పిన్ని నోటిదాకా వచ్చింది. అది యంత్రమే, దాని లెక్క అంతే, మార్కులు తక్కువొచ్చి కిందికి పడేసింది, నేనేం చెయ్యను? అనేస్తే అయిపోయేది. అందులో అబద్ధం కూడా లేదు. ఇంజినీరును పిలిచి చెప్పించినా చెప్పగలడు. ఒక్క క్షణం ఆ మాట నాలుక చివర నిలబడింది.

"మొదటి మూడూ కనబడ్డాయి," అంది. "నారుమళ్ళు, బోర్డు, కుండీలు. కోపంతో తోసేశాను. ఒక్క సెకను కూడా ఆగలేదు. ఈవిడకు ఇవి అక్కర్లేదని దానికి నేర్పింది నేనే. తర్వాతవి నా ముందుకు రాలేదు. వెతుక్కోవచ్చు. నీ పేరు కొడితే వచ్చేవి. కొట్టలేదు. నువ్వే ముందు పిలవాలని కూర్చున్నాను."

అవతల కుండీ ఏదో కింద పెట్టిన చప్పుడు.

"కిటికీ కింద కూర్చున్నావా నువ్వు?" అని అడిగింది పిన్ని.

"కూర్చున్నా."

"ఏమన్నా తిన్నావా ఆ రోజు?"

"అడిగేది ఇదా అక్కా?" చెల్లెలి గొంతులో కోపం ఉంది, ఇంకేదో కూడా ఉంది. "నేను ఇప్పుడు ఏం మాట్లాడలేను. ఆ పోస్టులన్నీ తీసేద్దామని మూడు నెలల నుంచి అనుకుంటున్నా. చెయ్యి రాలేదు. ఇవాళ తీసేస్తా. ఇంకెవరి కోసం ఉంచాలి అవి?"

"తీసెయ్యి. తీసేముందు ఒక్క గంట ఇవ్వు. చదువుకుంటాను."

"గంటే," అంది చెల్లెలు. పెట్టేసింది.

పిన్ని కళ్ళు తుడుచుకుని మొదటి పోస్టుకు వెళ్ళింది. తెరను ఫొటోలు తీసి దాచుకోవచ్చు కదా, ముప్పై ఒకటీ ముప్పై క్షణాల పని అంటారేమో. ఆ ఆలోచన ఆవిడకూ వచ్చింది. చెల్లెలు తీసేస్తానన్నదాన్ని దొంగతనంగా దాచుకోవడం తప్పనిపించింది. చదువుకుంటానని అడిగింది, చదవాలి.

నారుమళ్ళ ఫొటో పెద్దది చేసింది. ఆరేళ్ళలో మొదటిసారి ఒక ఫొటో పెద్దది చేసింది. మళ్ళ మధ్య ఒక పొడవాటి నీడ పడి ఉంది. ఫొటో తీస్తున్న చెల్లెలి నీడ. మోచేయి పక్కకు పెట్టి ఫోను పట్టుకునే ఆ పద్ధతి చిన్నప్పుడు పలక పట్టుకునేటప్పటిదే. అప్పుడు తోసేసినప్పుడు నీడ ఉన్నట్టే చూడలేదు. బోర్డు ఫొటోలో ఒక మూల రంగు ఒలికి ఉంది, దాన్ని ఆకు బొమ్మగా మార్చింది. కుండీల వరుస లెక్కపెట్టింది. "ఎలా ఉంది?" అన్న మాట దగ్గర చాలాసేపు కూర్చుంది. వెక్కిరింపు అనుకుంది అప్పట్లో. పిల్ల పరీక్ష రాసి వచ్చి కాగితం చూపించినట్టు అడిగింది అది, అంతే.

నాలుగోది మళ్ళీ చదివింది. ఐదోదాంట్లో చెల్లెలికి ఎడమ మణికట్టు బెణికింది, ఒంటిచేత్తో జడ వేసుకోవడం రాక జుట్టు కత్తిరించేసుకుంది. భుజాల దాకా ఉన్న జుట్టుతో ఎవరో కొత్త మనిషిలా ఉంది. పిన్నికి ఆ ముఖం అలవాటు కావడానికి కొంతసేపు పట్టింది. ఆరోదాంట్లో ఒక ముసలాయన ఎండిపోయిన మొక్క ఒకటి తెచ్చి బతికించమని అడిగాడు. బతకదని చెప్పలేక తీసుకుని ఉంచుకుందట. "ఏం చెప్పాలో తెలియలేదు అక్కా. నువ్వయితే మొహం మీదే చెప్పేసేదానివి. ఆయన వారం వారం వచ్చి చూసి వెళుతున్నాడు." ఆ వాక్యం దగ్గర పిన్ని నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

వ్యాఖ్య రాయాలనిపించింది. ఏం రాయాలి? "బతకకపోతే నేనొచ్చి చెబుతాను ఆయనకి," అని టైపు చేసి, నొక్కింది. పోలేదు. మళ్ళీ నొక్కింది. ఈ పోస్టు ఇప్పుడు లేదు అని వచ్చింది. గడియారం చూసింది. గంట దాటి రెండు నిమిషాలయింది.

పేజీ మళ్ళీ తెరిచింది. చెల్లెలి ముఖం, కింద ఖాళీ. ఇక చూపించడానికి ఏమీ లేవని ఒక వాక్యం. బయట మందుల షాపు దీపాలు వెలిగాయి. పిన్ని లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ మెట్ల వైపు చూసింది. ఎవరూ లేరు. ఎందుకుంటారు? అక్కడే నిలబడింది. కుర్చీలో కూర్చోవాలన్నా, దీపం వెయ్యాలన్నా, కంచం తియ్యాలన్నా ఓపిక లేదు.

అప్పుడు ఫోను మోగింది.

"చదివావా?" అంది చెల్లెలు.

"చదివాను."

"అన్నీనా?"

"ఆరు."

"ఆరా?" చెల్లెలు నమ్మలేదు. "గంటంతా కూర్చుని ఆరా చదివావు?"

"ఆరే అయ్యాయి. ఆ ముసలాయన మొక్క దాకా వచ్చాను."

అవతల ఊపిరి మాత్రమే వినబడింది. ఎంతసేపో. పిన్ని కూడా మాట్లాడలేదు. మాట్లాడితే పెట్టేస్తుందేమోనని భయం.

"ఏడోదాంట్లో," అని మొదలుపెట్టింది చెల్లెలు, గొంతు సవరించుకుని, "ఏడోదాంట్లో ఆ మొక్క చిగురేసింది."

పిన్ని చీకటి గదిలో నేల మీద కూర్చుంది, గోడకు ఆనుకుని. ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. చెల్లెలు ఎనిమిదోదానికి వెళ్ళింది.